ఏటా లక్ష బ్యాంకు పాలసీకా, టర్మ్ ప్లస్ పీపీఎఫ్‌కా? మేనేజర్ గారికి రాసిన ఉత్తరం, దాని వెనక లెక్క

నా వయసు 26. కృష్ణపట్నం వైపు ఒక ప్లాంటులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. జీతం నెలకు 60 వేలు. ఇందుకూరుపేట మండలంలో మా నాయన రొయ్యల చెరువులు చేస్తారు. మా జీతాల ఖాతాలున్న బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్ నాకు చూపించిన పథకం ఇది. ఏటా లక్ష రూపాయల చొప్పున పదేళ్లు కట్టాలి. ఆ తర్వాత రెండేళ్లు కట్టేదీ లేదు, వచ్చేదీ లేదు. పన్నెండో ఏడాది ముగిసిన దగ్గర్నుంచి పదేళ్లపాటు ఏటా లక్షా ఎనభై వేలు చేతికొస్తుంది. మధ్యలో నాకేమైనా అయితే ఇంట్లోవాళ్లకు పది లక్షలు ఇస్తారు. అంతా గ్యారంటీ, వచ్చేదాని మీద పన్ను లేదు.

ఇది మోసం కాదు. కాగితం మీద రాసిన ప్రతి రూపాయీ కంపెనీ ఇస్తుంది. కాబట్టి తేల్చుకోవాల్సింది ఇది నిజమా అబద్ధమా అన్నది కాదు. అదే లక్షతో ఇంతకంటే మంచి దారి ఉందా, మధ్యలో ఇబ్బంది వస్తే ఏ దారిలో తక్కువ నష్టం అన్నదే తేలాలి. ఈ రెండూ లెక్క వేసుకున్నాకే నేను వద్దని ఉత్తరం రాశాను. ఉత్తరం కింద ఇస్తున్నాను. ముందు లెక్క చూడండి, ఎందుకంటే అది లేకుండా వద్దంటే మొహమాటం ముందు నిలబడలేం.

నూటికి నెలకెంత?

ఏ ఏడాది ఎంత కట్టాలో, ఎంత వస్తుందో చూపే ఇలస్ట్రేషన్ కాగితాన్ని మేనేజర్ గారు ఇంటికి తెచ్చారు. దాని మీద 18,00,000 అన్న అంకె చుట్టూ నీలం పెన్నుతో రెండు సార్లు సున్నా చుట్టారు. పక్కనే 10,00,000. ఆయన చెప్పిన లెక్క: "పది లక్షలు కడతారు, పద్దెనిమిది లక్షలు వస్తాయి. ఎనిమిది లక్షల లాభం, అంటే ఎనభై శాతం. పదేళ్లకు పంచితే ఏడాదికి ఎనిమిది శాతం. ఏ ఎఫ్‌డీ ఇస్తుందండీ?"

మా నెల్లూరు వైపు పెద్దవాళ్లు వడ్డీని ఏడాదికి శాతాల్లో అడగరు. రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకు రూపాయి, ఏడాదికి 12 శాతం. అర్ధ రూపాయి అంటే 6 శాతం. నాయన అంతా విని ఒక్కటే అడిగారు: "అదంతా సరేలే, నూటికి నెలకెంత పడతాది?" ఆ ప్రశ్నకు కాగితంలో జవాబు లేదు. మనమే వేసుకోవాలి, అదేమంత కష్టం కాదు.

ఎలాగంటే, కట్టేవి పది వాయిదాలు, వచ్చేవీ పది వాయిదాలు. మొదటి ఏడాది మొదట్లో కట్టిన లక్ష, సరిగ్గా 12 ఏళ్లకు లక్షా ఎనభై వేలై వస్తుంది. రెండో ఏడాది కట్టిన లక్ష ఇంకో ఏడాదికి వస్తుంది, అంటే అదీ 12 ఏళ్లకే. పదో లక్ష కూడా అంతే. అంటే ఈ పథకం మొత్తాన్ని ఒక్క వాక్యంలో చెప్పొచ్చు: ఈ రోజు లక్ష ఇస్తే 12 ఏళ్ల తర్వాత లక్షా ఎనభై వేలు. ఇన్ని పేజీల కాగితంలో ఉన్నది ఇదే.

ఇప్పుడు ఎనిమిది శాతం అన్న మాట ఎక్కడ తప్పిందో చూడండి. మొదటి తప్పు, ఎనభై శాతం లాభాన్ని పదితో భాగించడం. ప్రతి రూపాయీ కంపెనీ దగ్గర ఉండేది పదేళ్లు కాదు, పన్నెండేళ్లు. పన్నెండుతో భాగిస్తే 6.67 అవుతుంది. రెండో తప్పు ఇంకా పెద్దది. ఇలా భాగించడం అసలు మీద మాత్రమే వచ్చే మామూలు వడ్డీ లెక్క. ఎఫ్‌డీకి, ప్రభుత్వం నడిపే దీర్ఘకాల పొదుపు ఖాతా పీపీఎఫ్‌కి రేట్లు చక్రవడ్డీ లెక్కలో చెప్తారు. రెండింటినీ ఒకే కొలతలో చూడాలంటే ఇదీ చక్రవడ్డీలోకి మార్చాలి. ఫోన్‌లో ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా ఈ వరస కొట్టండి:

```
=(180000/100000)^(1/12)-1
```

జవాబు 0.0502 వస్తుంది. అంటే ఏడాదికి 5.02 శాతం. నాయన భాషలో నూటికి నెలకు నలభై పైసల పైచిలుకు. ఆ వారం అదే బ్రాంచ్ గోడ మీద బోర్డులో మామూలు ఎఫ్‌డీకి రాసిన రేటు ఆరు శాతం పైన ఉంది.

స్ప్రెడ్‌షీట్ చేతిలో లేకపోతే 72 పద్ధతి సరిపోతుంది. డబ్బు రెట్టింపు కావడానికి ఎన్నేళ్లో తెలిస్తే 72ని ఆ ఏళ్లతో భాగించండి, సుమారుగా వడ్డీ రేటు వస్తుంది. 12 ఏళ్లకు రెట్టింపయితే 6 శాతం. మనకు వచ్చేది రెట్టింపు కూడా కాదు, లక్షా ఎనభైయే. కాబట్టి ఆరు కంటే తక్కువ అని అక్కడికక్కడే, మేనేజర్ గారు ఎదురుగా కూర్చుని ఉండగానే తెలిసిపోతుంది.

అన్ని పాలసీల్లో వాయిదాలు ఇంత పొందికగా ఉండవు. ఒకసారి బోనస్, చివర్లో పెద్ద మొత్తం, మధ్యలో కొంత తిరిగివ్వడం లాంటివి ఉంటాయి. అప్పుడు ఒక నిలువు వరసలో ఏడాదికో గడి చొప్పున, కట్టేది మైనస్‌గా, వచ్చేది ప్లస్‌గా, ఏమీ లేని ఏడాదికి సున్నాగా రాయాలి. మన పథకానికి 22 గడులు: పది మైనస్ లక్షలు, రెండు సున్నాలు, పది లక్షా ఎనభై వేలు. కింద, ఆ వరసకు ఏడాది చక్రవడ్డీ రేటు తేల్చే ఈ సూత్రం కొట్టాలి:

```
=IRR(A1:A22)
```

మళ్లీ అదే 5.02 శాతం వస్తుంది. "గ్యారంటీడ్ అడిషన్", "లాయల్టీ బూస్టర్" లాంటి పేర్లన్నీ ఈ వరసలోకి వచ్చేసరికి ఉత్త అంకెలైపోతాయి. నా మటుకు ఏ పాలసీ కాగితం వచ్చినా ముందు చేసే పని ఇదే.

అదే లక్ష రెండు ముక్కలైతే

పాలసీలో రెండు సరుకులు కలిపి అమ్ముతున్నారు: కొంత బీమా, కొంత పొదుపు. ఆ రెండూ విడివిడిగా కొంటే ఎంతవుతుంది?

బీమా వైపు, నాకు 60 ఏళ్లు వచ్చే దాకా కోటి రూపాయల టర్మ్ పాలసీకి, అంటే నేను పోతేనే డబ్బిచ్చే, పొదుపేమీ లేని ఉత్త బీమాకు, కంపెనీలు చూపిన ధరలు ఏడాదికి పది వేలకు అటూ ఇటూగా ఉన్నాయి. నాకు పొగాకు అలవాటు లేదు, అందుకే అంత తక్కువ. లెక్కలో నాకే అనుకూలంగా వేసుకున్నట్టు ఉండకూడదని 12 వేలు పెట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు కాబట్టి చూపించిన ధరే కట్టే ధర.

మిగిలిన 88 వేలు పీపీఎఫ్‌లో. ఇది రాసే నాటికి రేటు 7.1 శాతం. 2020 ఏప్రిల్ నుంచి అక్కడే ఉంది. 88 వేలు 7.1 శాతంతో 12 ఏళ్లలో రెండు లక్షల నాలుగు వందల చిల్లర అవుతుంది. పాలసీ ఇచ్చేది లక్షా ఎనభై. అంటే బీమాకు 12 వేలు పక్కన పెట్టాక కూడా ప్రతి ఏడాది పొదుపు మీద ఇరవై వేలు ఎక్కువ.

అంతకంటే నన్ను కదిలించింది బీమా తేడా. మూడో ఏడాదిలో నాకేదైనా జరిగిందనుకుందాం. పాలసీ అయితే అమ్మానాయనలకు పది లక్షలు. టర్మ్ అయితే కోటి, దానికి తోడు పీపీఎఫ్‌లో అప్పటిదాకా వేసిన డబ్బు. రెండు ఎకరాల చెరువు మీద అప్పు, చెల్లి చదువు ఉన్న ఇంట్లో పది లక్షలు ఎంతకాలం వస్తుంది? బీమా తీసుకునేది ఆ ఒక్క రోజు కోసం. ఆ రోజుకు సరిపోని బీమాను పొదుపుతో కలిపి కొనడానికి నాకు మనసొప్పలేదు.

ఈ పోలికలో పీపీఎఫ్ వైపు ఉన్న లోట్లూ చెప్పాలి. పదేళ్ల తర్వాత పాలసీకి ఏమీ కట్టక్కర్లేదు గానీ, టర్మ్‌కు కడుతూనే ఉండాలి. పదకొండు, పన్నెండో ఏళ్ల ప్రీమియం 24 వేలు జేబులోంచి పోతుంది. ఆ తర్వాత ఏటా వచ్చే రెండు లక్షల్లోంచి 12 వేలు కట్టుకున్నా లక్షా ఎనభై ఎనిమిది వేలు మిగులుతుంది. పాలసీ కంటే ఇంకా ఎక్కువే. ఇక పీపీఎఫ్ 15 ఏళ్ల ఖాతా కదా, పన్నెండేళ్లకే ఎలా తీస్తారు అని అడగొచ్చు. ఏడో ఆర్థిక సంవత్సరం నుంచి ఏడాదికొకసారి కొంత తీసుకోవచ్చు. నాలుగేళ్ల కిందటి నిల్వలో సగం, లేదా కిందటి ఏడాది నిల్వలో సగం, ఏది తక్కువైతే అంత దాకా. పన్నెండేళ్లు ముగిసే సరికి ఆ సగం మనకు కావాల్సిన రెండు లక్షలకు రెట్టింపు పైనే ఉంటుంది. 15 ఏళ్లు నిండాక కొత్తగా వెయ్యకుండా ఖాతా కొనసాగిస్తే ఏడాదికొకసారి ఎంతైనా తీసుకోవచ్చు. అంటే పాలసీ ఇస్తానన్న ఆదాయాన్ని అవే ఏళ్లలో పీపీఎఫ్ నుంచి మనమే తీసుకోగలం. పది నుంచి పదిహేను ఏళ్ల మధ్య ఖాతా బతికుండడానికి ఏటా కనీసం 500 వెయ్యడం మరవకూడదు.

అసలు లోటు వేరే ఉంది. పీపీఎఫ్ రేటును ప్రభుత్వం మూడు నెలలకొకసారి సమీక్షిస్తుంది. ఒకప్పుడు 12 శాతం ఉండేది, ఇప్పుడు 7.1. రేపు తగ్గదని ఎవరూ చెప్పలేరు. పాలసీ మాత్రం ఈ రోజు రాసిన 5.02ని చివరి దాకా మార్చదు. మేనేజర్ గారి వాదనల్లో నిజంగా బరువున్నది ఇదొక్కటే. అందుకే ఎంతవరకు తగ్గితే పాలసీ గెలుస్తుందో చూశాను. 88 వేలు 12 ఏళ్లలో లక్షా ఎనభై కావడానికి 6.15 శాతం చాలు. పదేళ్ల తర్వాతి టర్మ్ ప్రీమియంలు కూడా కలిపితే 6.9 శాతం దాకా కావాలి. సగటున అంతకు మించి ఉన్నన్నాళ్లూ పీపీఎఫ్‌దే పైచేయి, అదీ పది లక్షలకు బదులు కోటి బీమా పెట్టుకుని. పదేళ్ల తర్వాతి టర్మ్ పక్కన పెడితే, ఇప్పటి రేటు నుంచి దాదాపు ఒక శాతం తగ్గి అలాగే ఉండిపోతే గానీ పాలసీ ముందుకు రాదు. టర్మ్ చివరిదాకా కడితే మాత్రం తేడా తక్కువే, అప్పుడు అదనంగా మిగిలేది కోటి బీమా.

నిఫ్టీ ఇండెక్స్ ఫండ్ సంగతి నన్ను చాలామంది అడిగారు. దీర్ఘకాలంలో ఎక్కువ రావొచ్చు, నేనూ నెలకు కొంత వేస్తున్నాను. కానీ 2008లో నిఫ్టీ సగానికి పైగా పడిపోయింది. గ్యారంటీ పాలసీని దానితో పోల్చడం న్యాయం కాదు. గ్యారంటీ ఉన్నదాన్ని గ్యారంటీ ఉన్నదానితోనే పోల్చాలి, అప్పుడే ఎదుటివాళ్లు "అది రిస్కండీ" అని మాట దాటేయలేరు.

మధ్యలో ఆగిపోతే

వడ్డీ తేడా కంటే నాకు ముఖ్యమనిపించింది ఇది. చెరువుల మీద బతికే ఇళ్లలో డబ్బు ఒకే తీరుగా రాదు. రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే వారంలో చెరువు ఖాళీ. మేత బాకీ, కరెంటు బిల్లు, సీడు డబ్బు అన్నీ అలాగే నిలబడి ఉంటాయి. ఆ ఏడాది నా జీతంలోంచి ఇంటికి పోయేది పెరుగుతుంది. అప్పుడు లక్ష ప్రీమియం కట్టలేకపోతే?

పాలసీలో ఏడాది ప్రీమియం ఒక బాధ్యత. గడువు, ఆపై గ్రేస్ పీరియడ్ దాటితే పాలసీ ఆగిపోతుంది. రెండు ప్రీమియంలు కట్టి రెండో ఏడాదిలో సరెండర్ చేస్తే, అంటే పాలసీని మధ్యలోనే వెనక్కిచ్చేస్తే, గ్యారంటీగా రావాల్సింది కట్టినదాంట్లో 30 శాతం. అంటే రెండు లక్షలకు అరవై వేలు. మూడో ఏడాది 35 శాతం, నాలుగు నుంచి ఏడో ఏడాది దాకా 50 శాతం. 2024 అక్టోబరు నుంచి స్పెషల్ సరెండర్ వాల్యూ నిబంధనలు మెరుగయ్యాయి, చాలా పాలసీల్లో ఇంతకంటే ఎక్కువే వస్తుంది. అయినా తొలి ఏళ్లలో కట్టింది కట్టినట్టు రాదు. మీ పాలసీలో ఎంతో ఇలస్ట్రేషన్ పట్టికలోనే ఏడాదివారీగా ఉంటుంది. నాకిచ్చిన కాగితంలో అది రెండో పేజీలో కుడి చివర గడిలో ఉంది. సున్నా చుట్టింది మొదటి పేజీ కాబట్టి చూపు అటు పోదు. ఆ గడి మీద వేలు పెట్టి "మూడో ఏడాది ఆపేస్తే ఎంతండీ?" అని అడగండి. ఈ ఒక్క ప్రశ్నతో సంభాషణ దారి మారిపోతుంది.

పీపీఎఫ్‌లోనూ మొదటి ఆరేళ్లు డబ్బు దాదాపు చేతికి రాదు. మూడో ఏడాది నుంచి నిల్వలో కొంత భాగం అప్పుగా తీసుకోవచ్చు, అంతే. చెరువుకు అత్యవసరంగా కావాలంటే అది పనికిరాదు, దానికి వేరే ఎఫ్‌డీ ఉండాలి. కానీ ఒక తేడా చాలా పెద్దది. పీపీఎఫ్ వచ్చే ఏడాది లక్ష అడగదు. పంట పోయిన ఏడాది 500 వేసి ఊరుకోవచ్చు. అప్పటిదాకా వేసినదాని మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, పైసా కోత లేదు.

పన్ను మినహాయింపు మాట క్లుప్తంగా. 80సి కింద మినహాయింపు పాత పన్ను విధానంలోనే ఉంది. కొత్త విధానంలో జీతగాళ్లకు 2025-26 నుంచి 12 లక్షల 75 వేల దాకా పన్నే పడదు. నా జీతం ఏడాదికి 7 లక్షల 20 వేలు. లేని పన్నును ఏ పాలసీ తగ్గించదు. వచ్చేదాని మీద పన్ను లేకపోవడం పీపీఎఫ్‌కూ ఉంది.

ఉత్తరం

మాటల్లో వద్దనడం మనకు కష్టం. "చూద్దాం సార్", "నాయనతో మాట్లాడి చెప్తా" అంటాం. అవతలివాళ్లకు అది వద్దు అని వినబడదు, వచ్చే వారం మళ్లీ ఫోన్ చెయ్యమని వినబడుతుంది. మార్చి దగ్గరపడితే రోజూ వస్తుంది. పైగా ఆయన పక్క ఊరివాడు, నన్ను తమ్ముడూ అంటాడు, నాయన కిసాన్ క్రెడిట్ కార్డు, అదే కేసీసీ, రుణం కూడా ఆ బ్రాంచ్‌లోనే. అందుకే బ్రాంచ్ ఈమెయిల్‌కి ఈ ఉత్తరం పంపి, ఆయనకు వాట్సాప్‌లో అదే పెట్టాను.

"అన్నా, నమస్తే.

మీరు ఆదివారం అని కూడా చూడకుండా ఇంటికొచ్చి, నాయనకు ఓపిగ్గా అన్నీ చెప్పినందుకు కృతజ్ఞతలు. మీరిచ్చిన ఇలస్ట్రేషన్ మొత్తం చదివాను. బాగా ఆలోచించుకుని, ఈ పాలసీ తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను.

మీ మాట మీద నమ్మకం లేక కాదు. మూడు కారణాలున్నాయి. ఒకటి, ఇందులో కట్టిన ప్రతి లక్షా 12 ఏళ్లకు లక్షా ఎనభై వేలై వస్తోంది. చక్రవడ్డీ లెక్కలో అది ఏడాదికి 5.02 శాతం. లెక్క ఈ ఉత్తరంతో జత చేశాను, ఎక్కడైనా తప్పుంటే చెప్పండి, సరిచూసుకుంటాను. రెండు, ఇంట్లో నా జీతం మీద ఆధారపడిన వాళ్లకు పది లక్షల బీమా చాలదు. విడిగా కోటి టర్మ్ తీసుకుంటున్నాను. మూడు, మాది చెరువుల ఇల్లు. ప్రతి ఏడాదీ లక్ష తప్పకుండా కట్టగలనని మాట ఇవ్వలేను. మధ్యలో ఆపితే జరిగే నష్టం నేను భరించలేనిది.

మీ ట్యాబ్‌లో నింపిన దరఖాస్తుకు నా మొబైల్‌కి వచ్చిన లింకును నేను ఆమోదించలేదు. దయచేసి ఆ దరఖాస్తును రద్దు చెయ్యండి. నా ఖాతా నుంచి ప్రీమియం ఆటో డెబిట్‌కు నేను అనుమతి ఇవ్వలేదని ఈ ఉత్తరాన్నే రుజువుగా ఉంచుకోగలరు.

నాయన కేసీసీ రెన్యువల్‌కు ఈ పాలసీకి సంబంధం లేదని మీకూ తెలుసు. దాని కాగితాలు నాయన ఎప్పటిలాగే తెచ్చి ఇస్తారు.

మీ వల్ల నాకొక సాయం కావాలి. మీ బ్రాంచ్‌లోనే నా పేరు మీద పీపీఎఫ్ ఖాతా తెరవాలనుకుంటున్నాను. ఏప్రిల్ 5 లోపు మొదటి డబ్బు వెయ్యాలి. ఏయే కాగితాలు కావాలో చెప్తే శనివారం తెస్తాను.

ఇది నా చివరి నిర్ణయం అన్నా. వేరే బీమా, పెట్టుబడి పథకాల కోసం కూడా దయచేసి ఫోన్ చెయ్యొద్దు. నాకు అవసరమైతే నేనే మిమ్మల్ని అడుగుతాను. బ్యాంకు పనుల మీద ఎప్పటిలా కలుద్దాం.

ఇట్లు,
మీ తమ్ముడు"

ఈ ఉత్తరంలో కొన్ని మాటలు కావాలనే పెట్టాను. "తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను" అన్నది రెండో పేరా దాకా ఆగకుండా మొదటి పేరాలోనే ఉంది. చదివేవాళ్లు చివరిదాకా ఎదురుచూడకూడదు. "ఇప్పుడు కుదరదు", "డబ్బు సర్దుబాటు లేదు" అనలేదు. డబ్బు లేదంటే ఏడాదికి యాభై వేల ప్లాన్ తెస్తారు, ఇప్పుడు కాదంటే ఏప్రిల్‌లో వస్తారు. 5.02 శాతం అన్న అంకెకు మాత్రం అలాంటి తలుపు లేదు.

లింకు గురించి రాసిన పేరాను తేలిగ్గా తీసుకోకండి. ఇప్పుడు సంతకాలన్నీ ఫోన్‌లోనే. "ఊరికే వివరాలు సరిచూడ్డానికే తమ్ముడూ" అంటూ వచ్చే లింకు చాలాసార్లు ఇలస్ట్రేషన్ మీద మన సంతకమే. దాన్ని నొక్కాక, అన్నీ చదివి అర్థం చేసుకుని ఒప్పుకున్నట్టే రికార్డులో ఉంటుంది.

పీపీఎఫ్ ఖాతా అడిగింది మొహమాటం కోసం కాదు. నెలలో 5వ తేదీకీ నెలాఖరుకూ మధ్య ఉన్న కనీస నిల్వ మీదే పీపీఎఫ్ వడ్డీ వేస్తారు. ఏడాది మొత్తం ఒకేసారి వేసేవాళ్లు ఏప్రిల్ 5 లోపు వేస్తే పన్నెండు నెలల వడ్డీ వస్తుంది, పైన నేను వేసిన లెక్క అప్పుడే నిజమవుతుంది. ఆ బ్రాంచ్‌లో కాకపోతే నెల్లూరు ట్రంకు రోడ్డు వైపు ఏ పెద్ద బ్యాంకులోనైనా, హెడ్ పోస్టాఫీసులోనైనా తెరవొచ్చు.

మేనేజర్ గారు ఫోన్ చేశారు. కోపగించుకోలేదు. లెక్క తప్పని కూడా అనలేదు. "పాలసీ అయితే బలవంతంగానైనా దాస్తారు తమ్ముడూ, పీపీఎఫ్‌లో ఎవరూ సరిగ్గా వెయ్యరు" అన్నారు. ఆ మాట కొందరి విషయంలో నిజమే. చేతిలో డబ్బు నిలవనివాళ్లు, ప్రతి ఏడాదీ లక్ష కట్టే స్థిరమైన ఆదాయం ఉన్నవాళ్లు, పీపీఎఫ్‌లో ఏడాదికి లక్షన్నర పరిమితి ఇప్పటికే నింపేసినవాళ్లు, టర్మ్ విడిగా ఉన్నవాళ్లు, రేటు ఇరవై ఏళ్లకు కట్టిపడేయాలని కోరుకునే వాళ్లు ఇలాంటిది తీసుకుంటే నేను తప్పు పట్టను. వాళ్లు కూడా నాలుగైదు కంపెనీల కాగితాలకు పై వరస వేసి, 6 శాతానికి దగ్గరగా ఇచ్చేదాన్ని ఎంచుకోవాలి. ఒక బ్యాంకుకు అనేక బీమా కంపెనీలతో ఒప్పందం ఉండొచ్చు. మనకు చూపించేది ఒక్కటే అయితే, మిగతావీ చూపించమని అడగాలి.

ఇప్పటికే సంతకం చేసేసినవాళ్లకు ఇంకో మాట. పాలసీ కాగితం చేతికి, లేదా ఈమెయిల్‌కి వచ్చిన రోజు నుంచి 30 రోజుల ఫ్రీ లుక్ గడువు, అంటే చదివి వద్దనుకునే వీలు, ఉంటుంది. ఆ లోపు వద్దని రాస్తే స్టాంపు డ్యూటీ, వైద్య పరీక్షల ఖర్చు, అన్ని రోజుల బీమాకు అయ్యే కొద్ది మొత్తం తీసేసుకుని మిగతాదంతా తిరిగివ్వాలి. ఉత్తరం బ్యాంకు మేనేజర్‌కు కాదు, బీమా కంపెనీకి పంపాలి. బ్యాంకువాళ్లకు ఇస్తే "మాట్లాడి చెప్తాం" అంటూ గడువు కరిగిపోయే ప్రమాదం ఉంది. పాలసీ నంబరు, కాగితం అందిన తేదీ, రద్దు చేయమన్న మాట, మీ బ్యాంకు ఖాతా వివరాలు చాలు, కారణం ఒక్క వాక్యం రాయొచ్చు. కంపెనీ ఈమెయిల్‌కి పంపి, దాని దగ్గరి శాఖలో ఒక ప్రతి ఇచ్చి రసీదు మీద తేదీ ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, అక్కడా తేలకపోతే మన ప్రాంతానికి హైదరాబాద్‌లో బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఫీజు లేదు.

గడువు దాటి, ఒకటి రెండు ప్రీమియంలు కట్టేసి ఉంటే తొందరపడి ఆపేయకండి. అప్పుడు లెక్క మారుతుంది. ఇప్పటిదాకా కట్టింది పక్కన పెట్టి, ఈ రోజు సరెండర్ చేస్తే చేతికొచ్చేది మొదటి గడిలో మైనస్‌గా రాయండి, అందులోనే ఈ ఏడాది కట్టాల్సిన ప్రీమియం కలపండి, ఆ తర్వాత కట్టాల్సినవి మైనస్, రావాల్సినవి ప్లస్. IRR పీపీఎఫ్ రేటు కంటే ఎక్కువ వస్తే కొనసాగించడమే మేలు. చాలా ఏళ్లు కట్టేసిన పాలసీల్లో తరచూ అలాగే వస్తుంది. తక్కువ వస్తే సరెండర్ విలువ ఎంతో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి, ముందుగా టర్మ్ పాలసీ చేతికొచ్చాకే పాతది వదలండి. రెండింటి మధ్య ఒక్క రోజు కూడా ఇంటికి బీమా లేకుండా ఉండకూడదు.